59 రోజుల పైగది: ఏ పని ఆగితే అన్నీ ఆగుతాయి?

ఇల్లు కట్టించేవాళ్ళు మామూలుగా కంటికి కనబడే పనినే వెంటాడతారు. మేస్త్రి రాకపోతే ఫోన్ మీద ఫోన్ చేస్తారు. టైల్స్ పని నిదానంగా సాగుతుంటే పక్కనే నిలబడి చూస్తారు. అదే సమయంలో ఊళ్ళో ఇంకోచోట, ఏదో షెడ్డులో, వాళ్ళ కిటికీల ఆర్డరు మొదలైనా కాకుండా పడి ఉంటుంది. టైల్స్ రెండు రోజులు ముందే అయిపోతాయి, గది మాత్రం కిటికీల కోసం వారం రోజులు ఆగుతుంది.

ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో, ఏ పని ఆలస్యమైనా పర్వాలేదో ముందే లెక్కగట్టి చెప్పే పద్ధతి ఒకటుంది. దాని పేరు క్రిటికల్ పాత్ పద్ధతి. అమెరికాలో 1950ల చివర్లో డ్యూపాంట్ కంపెనీ ఇంజనీరు మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌లో పనిచేసే జేమ్స్ కెల్లీ కలిసి దీన్ని రూపొందించారు. రసాయన కర్మాగారాల నిర్మాణం, మరమ్మతులు త్వరగా ముగియాలంటే ఏ పనుల మీద అదనపు డబ్బు పెడితే ఫలితం ఉంటుంది అన్నది వాళ్ళ ప్రశ్న. అప్పట్లో ఆ లెక్కలు యూనివాక్ కంప్యూటరు మీద చేశారు. వాళ్ళు తమ పద్ధతిని వివరిస్తూ 1959లో పత్రం ప్రచురించారు. వందల పనులున్న కర్మాగారానికి కంప్యూటరు కావాలి గానీ, పదీ పదిహేను పనులున్న ఇంటి పనికి ఒక నోటుబుక్కు, పెన్సిలు చాలు.

పనులు, వాటి బంధుత్వాలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెనాలిలో ఒక కుటుంబం, ఉన్న డాబా మీద బాత్రూముతో సహా ఒక గది వేయాలనుకుంది. ఇంట్లో పెళ్ళి ఉంది, చుట్టాలొచ్చేలోగా గది సిద్ధం కావాలి. చేతిలో 65 రోజులున్నాయి. వేసవి. ఇసుక, ఇటుక, ద్వారబంధం వచ్చేశాయి, మేస్త్రి కుదిరాడు.

మొదటి మెట్టు పనుల జాబితా రాయడం. ప్రతి పని పక్కన రెండే విషయాలు ఉండాలి: ఎన్ని రోజులు పడుతుంది, ఏ పని పూర్తయ్యాక మొదలవుతుంది. ఈ రెండో విషయం ఇంటి యజమాని ఊహించి రాసేది కాదు, పని చేసేవాళ్ళను అడిగి రాయాల్సింది. కిటికీల సంగతి ఇక్కడే బయటపడింది. ఆ కుటుంబం యూపీవీసీ కిటికీలు పెట్టించుకోవాలనుకుంది. ఆర్డరు మొదటి రోజే ఇచ్చేద్దామనుకుంటే షాపతను ఒప్పుకోలేదు. "ప్లాస్టరింగ్ అయ్యాకే కొలతలు తీసుకుంటామండి. గోడ అంచు అర అంగుళం అటూ ఇటూ అయినా ఫ్రేము పట్టదు" అన్నాడు. అందులోనూ వాళ్ళు అడిగింది టఫెన్డ్ గ్లాసు. ఒకసారి గట్టిపరిచాక ఆ అద్దాన్ని కోయడం కుదరదు, కొలత తప్పితే కొత్తది చేయించాల్సిందే. అంటే కిటికీల ఆర్డరుకు ముందు ప్లాస్టరింగ్ ఉంది.

అలా అందరినీ అడిగి రాసుకుంటే జాబితా ఇలా తయారైంది.

1. గోడలు: 9 రోజులు
2. సెంట్రింగ్ కొట్టడం, ఇనుము కట్టడం: 4 రోజులు, గోడల తర్వాత
3. స్లాబ్ పోయడం: 1 రోజు, సెంట్రింగ్ తర్వాత
4. స్లాబ్‌కు నీళ్ళు కట్టి ఆగడం: 14 రోజులు, స్లాబ్ తర్వాత
5. సెంట్రింగ్ విప్పడం: 1 రోజు, నీళ్ళు కట్టడం ముగిశాక
6. కరెంటుకు, నీళ్ళ పైపులకు గోడలో గాడులు కొట్టి గొట్టాలు వేయడం: 3 రోజులు, సెంట్రింగ్ విప్పాక
7. ప్లాస్టరింగ్: 5 రోజులు, గొట్టాలు వేశాక
8. కిటికీలు: 18 రోజులు, ప్లాస్టరింగ్ తర్వాత. కొలతలకు ఒక రోజు, తయారీకి 15, బిగించడానికి 2
9. ప్లాస్టరింగ్ తడపడం: 7 రోజులు, ప్లాస్టరింగ్ తర్వాత
10. టైల్స్: 4 రోజులు, తడపడం ముగిశాక
11. పుట్టీ, ప్రైమరు, మొదటి కోటు రంగు: 4 రోజులు, టైల్స్ తర్వాత
12. తలుపు రెక్కల తయారీ: 20 రోజులు, ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు
13. తలుపు రెక్కలు బిగించడం: 1 రోజు, టైల్స్ అయ్యి, రెక్కలు వచ్చాక
14. ఆఖరి కోటు రంగు: 2 రోజులు, కిటికీలు, తలుపులు, మొదటి కోటు అన్నీ అయ్యాక
15. స్విచ్‌బోర్డులు, ఫ్యాను, కుళాయిలు, శుభ్రం చేయడం: 2 రోజులు, ఆఖరి కోటు తర్వాత

ఇప్పుడు ఒక్కో పనిని ఒక్కో చీటీ మీద రాసి, నేల మీద పరిచి, ఏది అయ్యాక ఏదో బాణం గీతలతో కలపాలి. ఏడో చీటీ దాకా అన్నీ ఒకే వరుసలో వస్తాయి. ప్లాస్టరింగ్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి కిటికీల వైపు పోతుంది, రెండోది తడపడం, టైల్స్, పుట్టీ మీదుగా పోతుంది. తలుపు రెక్కల చీటీ మొదటినుంచీ విడిగా ఉండి, టైల్స్ తర్వాత వచ్చి కలుస్తుంది. ఈ మూడూ ఆఖరి కోటు దగ్గర ఒకటవుతాయి.

ముందుకు ఒక లెక్క, వెనక్కి ఒక లెక్క

మొదట ముందుకు లెక్క. ప్రతి పనీ ఎంత త్వరగా ముగియగలదో చూస్తూ పోవాలి. గోడలు 9వ రోజుకు ముగుస్తాయి, సెంట్రింగ్ 13కు, స్లాబ్ 14కు. నీళ్ళు కట్టడం 28 దాకా సాగుతుంది. 29న సెంట్రింగ్ విప్పుతారు, 32కు గొట్టాలు, 37కు ప్లాస్టరింగ్ అవుతాయి. అక్కడినుంచి కిటికీల దారి 55కు చేరుతుంది. టైల్స్ దారి తడపడానికి 44, టైల్స్‌కు 48, పుట్టీకి 52 దగ్గర ఆగుతుంది. తలుపులు 49కి బిగిసిపోతాయి.

ఆఖరి కోటుకు మూడు దారులూ రావాలి కాబట్టి అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేదే లెక్క. అది కిటికీలది, 55. దానికి ఆఖరి కోటు 2 రోజులు, బిగింపులు 2 రోజులు కలిపితే 59. పనులన్నిటి రోజులనూ కూడితే 95 వస్తుంది, కొన్ని పక్కపక్కనే సాగుతాయి కాబట్టి గది 59 రోజుల్లో అవుతుంది. 65 రోజుల గడువుకు ఇంకా 6 రోజులు మిగులు.

తర్వాత వెనక్కి లెక్క. 59 నుంచి వెనక్కి వస్తూ, మొత్తం ఆలస్యం కాకుండా ప్రతి పనీ ఎంత ఆలస్యంగా ముగియవచ్చో చూడాలి. ఆఖరి కోటు 55 తర్వాత మొదలవ్వాలి కాబట్టి పుట్టీ పని 55 దాకా సాగినా ఇబ్బంది లేదు. అది 52కే అవుతుంది. తేడా 3 రోజులు. ఆ తేడానే ఆ పనికున్న వెసులుబాటు. తలుపులు 55కు బిగిస్తే చాలు, అంటే రెక్కలు 54కు వస్తే చాలు, అంటే వడ్రంగి 34 రోజులు గడిచాక పని మొదలుపెట్టినా నష్టం లేదు. కిటికీలకు మాత్రం తేడా సున్నా.

సున్నా వెసులుబాటు ఉన్న పనులను కలుపుకుంటూ పోతే వచ్చే దారే క్రిటికల్ పాత్. ఈ గదికి అది గోడల నుంచి ప్లాస్టరింగ్ దాకా నేరుగా వచ్చి, అక్కడ టైల్స్‌ను వదిలేసి, కిటికీల మీదుగా ఆఖరి కోటుకు, బిగింపులకు పోతుంది. 15 పనుల్లో 10 దాని మీదే ఉన్నాయి. ఇలాంటి చిన్న పనుల్లో ఒకదాని వెనక ఒకటి నడిచేవే ఎక్కువ కాబట్టి, ఆ నిష్పత్తి పెద్దగానే ఉంటుంది.

వెసులుబాటు విషయంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. తడపడం, టైల్స్, పుట్టీ, మూడింటికీ 3 రోజుల వెసులుబాటు అని కాగితం మీద కనబడుతుంది. అది మూడింటికీ కలిపి ఉన్న 3 రోజులు. టైల్స్ మేస్త్రి 3 రోజులు ఆలస్యం చేస్తే రంగులవాడికి ఏమీ మిగలదు. అతను ఒక్క రోజు రాకపోయినా గది ఆలస్యమవుతుంది. కాబట్టి "మీకు 3 రోజులు టైముంది" అని ఇద్దరికీ విడివిడిగా చెప్పకూడదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ఆ కుటుంబంలో పెద్దాయనకు 6 రోజుల మిగులు సరిపోదనిపించింది. టైల్స్‌కు ఇంకో మేస్త్రిని పెట్టి 4 రోజుల పనిని 2 రోజుల్లో ముగిద్దామన్నాడు. లెక్క చూస్తే పుట్టీ 50కే అయిపోతుంది, కిటికీలు 55కే వస్తాయి, గది 59కే పూర్తవుతుంది. ఖర్చు పెరిగింది, ఒక్క రోజూ కలిసిరాలేదు.

అదే డబ్బు గోడల దగ్గర పెడితే వేరే సంగతి. ఇంకో మేస్త్రిని పెట్టి 9 రోజుల గోడలను 7 రోజుల్లో లేపితే, ఆ 2 రోజులూ మొత్తంలోంచి తగ్గిపోతాయి.

స్లాబ్ తడపడానికి ఉంచిన 14 రోజుల మీద చాలామంది కన్ను పడుతుంది. ఏ పనీ జరగనట్టు కనబడే రోజులవి. క్రిటికల్ పాత్ మీద ఉన్నాయి కదా అని వాటిని కోయడం ప్రమాదం. కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456, మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ వంటివి కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడపాలంటుంది. పొడి వేడి వాతావరణంలో అయితే ఆ గడువులను 10కీ, 14కీ పెంచమంటుంది. ఈ పని వేసవిలో, కలిపిన సిమెంటుతో సాగుతోంది కాబట్టే ఇంజనీరు 14 రోజులు చెప్పాడు, అప్పటిదాకా కింది జాకీలు కదపొద్దన్నాడు. ఇలాంటి పనిని డబ్బుతో తగ్గించలేం. అయితే దీనికి ఒక అనుకూలత ఉంది. ఆదివారాలు, పండగలు కూడా ఇందులో లెక్కకొస్తాయి, కాంక్రీటు సెలవు తీసుకోదు. మేస్త్రి పనికి మాత్రం సెలవు రోజులు విడిగా కలుపుకోవాలి. క్యాలెండరు మీద తేదీలు వేసేటప్పుడు ఈ తేడా గమనించకపోతే లెక్క తప్పుతుంది.

అసలైన ఆదా కిటికీల దగ్గర దొరికింది. కొలతలకు గది మొత్తం ప్లాస్టరింగ్ అయి ఉండాలా అని షాపతన్ని అడిగారు. అక్కర్లేదు, కిటికీల చుట్టూ అంచులు తీర్చితే చాలన్నాడు. మేస్త్రిని అడిగితే మొదటి రోజే ఆ అంచులు చేసి ఇస్తానన్నాడు. దాంతో కిటికీల పని 37 తర్వాత కాకుండా 33 తర్వాతే మొదలవుతుంది, 55కు బదులు 51కి ముగుస్తుంది. ఖర్చు లేకుండా 4 రోజులు కలిసొచ్చాయి.

అయినా గది 4 రోజులు ముందుకు రాలేదు, 3 రోజులే వచ్చింది. ఎందుకంటే పుట్టీ 52కు గానీ అవదు. ఇప్పుడు ఆలస్యంగా వచ్చే దారి అదే. గది 56వ రోజుకు పూర్తవుతుంది, క్రిటికల్ పాత్ కిటికీల మీదనుంచి టైల్స్ మీదకు మారింది. నిన్నటిదాకా టైల్స్ మీద పెట్టిన డబ్బు వృథా, నేడు అదే డబ్బుకు ఫలితం ఉంటుంది. ఏ మార్పు చేసినా మళ్ళీ మొదటినుంచి లెక్క వేయాలనేది ఇందుకే.

ఇక్కడ ఇంకో ప్రమాదం దాగి ఉంది. ఇప్పుడు కిటికీల దారికి ఒక్క రోజే వెసులుబాటు. అంటే దాదాపు సమానమైన రెండు దారులు ఒకేచోట కలుస్తున్నాయి. ఒక్కోటి అనుకున్న రోజుకు వచ్చే అవకాశం 70 శాతం అనుకుంటే, రెండూ వచ్చే అవకాశం 49 శాతమే. కాగితం మీద ఒకటే క్రిటికల్ అని ఉన్నా, ఒకటి రెండు రోజుల తేడాలో ఉన్న దారిని కూడా దానితో సమానంగా చూడాలి.

కాపలా ఎలా ఉండాలి

క్రిటికల్ పాత్ తెలిశాక చేయాల్సిన పని మూడు నాలుగు రోజులకోసారి దాన్ని సరిచూడటం. అప్పుడు అడిగే ప్రశ్న ముఖ్యం. "ఎంతవరకు వచ్చింది?" అంటే "ముప్పావు వంతు అయిపోయిందండి" అనే జవాబు వస్తుంది. దాన్నిబట్టి ఏమీ లెక్క వేయలేం, మిగిలిన పావు వంతుకు మొదటి ముప్పావు వంతుకంటే ఎక్కువ రోజులు పట్టవచ్చు. "ఇంకా ఎన్ని రోజులు పడుతుంది?" అని అడగాలి. 5 రోజుల పనిలో 3 రోజులు గడిచాక కూడా "ఇంకో 3 రోజులు" అంటే, ఒక రోజు జారినట్టు ఆరోజే తెలిసిపోతుంది.

కళ్ళముందు జరగని పనికి ఇంకొంచెం జాగ్రత్త కావాలి. కిటికీల షాపులో 15 రోజుల తయారీ ఒకే ముద్దగా ఉంటే, అది ఆలస్యమైన సంగతి 15వ రోజునే తెలుస్తుంది. దాన్ని ముక్కలు చేసుకోవాలి: అడ్వాన్సు ఇచ్చిన రోజు, అద్దం ఆర్డరు పెట్టిన రోజు, ఫ్రేములు కోసిన రోజు, అద్దం వచ్చిన రోజు. అద్దం ఆర్డరు మూడో రోజుకల్లా పోకపోతే ఇంకా 12 రోజులు చేతిలో ఉండగానే మాట్లాడవచ్చు. అలాగే తర్వాత రావాల్సినవాళ్ళకు ముందే కబురుండాలి. ఒక పని ముగిశాక తర్వాతి మనిషిని వెతికితే, ఆ వెతుకులాట రోజులు జాబితాలో ఎక్కడా లేకపోయినా క్రిటికల్ పాత్‌లోనే వచ్చి చేరతాయి.

ఈ పద్ధతికున్న పెద్ద లోటు కూడా మనుషుల విషయంలోనే. పక్కపక్కన ఉన్న రెండు పనులు ఒకేసారి సాగుతాయని లెక్క చెబుతుంది, రెండూ చేసేది ఒకే మేస్త్రి అన్న సంగతి బాణం గీతల్లో కనబడదు. అతను వేరేచోట స్లాబ్ ఒప్పుకున్నాడన్న సంగతి అసలే కనబడదు. ఎలియాహు గోల్డ్‌రాట్ 1997లో రాసిన 'క్రిటికల్ చెయిన్' పుస్తకం ఈ లోటు మీదే దృష్టి పెట్టింది. పనుల వరుసతోపాటు ఒకే మనిషి, ఒకే యంత్రం మీద ఆధారపడిన పనులను కూడా కలిపి గొలుసుగా చూడమంది. ఇంటి స్థాయిలో అయితే ప్రతి చీటీ మీద మనిషి పేరు రాసుకుని, ఒకే పేరు ఒకే రోజున రెండుచోట్ల పడిందేమో చూసుకుంటే సరిపోతుంది.

తెనాలి గదికి వచ్చిన చిక్కు కూడా అదే. అంచులు మొదటి రోజే అయ్యాయి, కిటికీల కొలతలు అనుకున్న రోజుకే పోయాయి. ప్లాస్టరింగ్ మాత్రం 37కు బదులు 38కి అయింది. తడపడం 45కు ముగిసింది. గది ఇప్పుడు 57కు పూర్తవ్వాలి. ఆ రోజు సాయంత్రం మేస్త్రి వచ్చి, "వేరేచోట స్లాబ్ ఉందండి, అయిదు రోజులు రాలేను" అన్నాడు. టైల్స్ 54కు గానీ అవవు, పుట్టీ 58కి, ఆఖరి కోటు 60కి, మొత్తం 62కు. గడువుకు 3 రోజులే మిగులు.

ఇప్పుడు బాణాలను ఒక్కొక్కటీ పట్టుకుని, ఇది నిజంగా తప్పదా అని అడిగారు. టైల్స్ తర్వాతే పుట్టీ అన్న బాణం తప్పనిసరి కాదని రంగులవాడు చెప్పాడు. టైల్స్ పడేటప్పుడు గోడ కింది భాగం మరకలవుతుందని అలా పెట్టుకున్నారు గానీ, ఆ మరకలను ఆఖరి కోటులో సరిచేయవచ్చు. మేస్త్రి లేని రోజుల్లోనే, 46 నుంచి 49 దాకా, పుట్టీ, ప్రైమరు, మొదటి కోటు ముగించేస్తానన్నాడు. మేస్త్రి తిరిగొచ్చి 54కు టైల్స్ ముగిస్తాడు. కిటికీలు 51కే వచ్చేస్తాయి.

అలా అయితే గది 58కి అవుతుందని పెద్దాయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. చీటీలు చూస్తే 59 వచ్చింది. టైల్స్ అయ్యాక తలుపులు బిగించడానికి ఒక రోజు ఉంది. ఇంతకుముందు పుట్టీ పని పక్కన నడుస్తూ లెక్కలోకి రాని ఆ రోజు, ఇప్పుడు టైల్స్‌కూ ఆఖరి కోటుకూ మధ్య నేరుగా వచ్చి నిలబడింది. 34 రోజుల వెసులుబాటు ఉందని ఎవరూ పట్టించుకోని తలుపు రెక్కలు 54వ రోజు సాయంత్రానికల్లా ఇంటికి చేరాలి. మేస్త్రికి చేయబోయిన ఫోన్ ఆపి, పెద్దాయన వడ్రంగికి చేశాడు.